సంక్రాంతి స్ప్రింట్‌లో ఎంత పని ఒప్పుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయవాడలో ఆరుగురి టీమ్. ఇద్దరు బ్యాకెండ్, ఇద్దరు ఫ్రంటెండ్, ఇద్దరు టెస్టర్లు. క్లయింటు అమెరికాలో ఉంటాడు. రెండేసి వారాలకి సరిపడా పని ముందే ఒప్పుకుని చేసే స్ప్రింట్లు. కొత్తగా చేరినవాళ్లు, పక్క టీముల లీడ్‌లు స్ప్రింట్ ప్లానింగ్ ముందురోజు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకంగా ఉంటాయి. ప్రతిసారీ వైట్‌బోర్డు మీద మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ఉదాహరణకు 2026 జనవరి 12 నుంచి 23 వరకు నడిచిన మా సంక్రాంతి స్ప్రింట్‌నే తీసుకున్నాను. సెలవులు, లీవులు, సపోర్ట్, మీటింగులు అన్నీ ఒకేసారి మీద పడిన స్ప్రింట్ అది.

ఆరుగురం, పది రోజులు. అంటే 60 రోజుల పని ఉన్నట్టే కదా?

కాగితం మీద ఉన్నట్టే. ఆ స్ప్రింట్‌కి మా దగ్గర నిజంగా ఉన్నది అందులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ.

ముందు పండగ తీసేయండి. 14 భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ. ఆ ఏడాది మూడూ బుధ, గురు, శుక్రవారాల్లో వచ్చాయి కాబట్టి ఒక్కటి కూడా శని ఆదివారాల్లో కలిసిపోలేదు. పదిలో మూడు పోతే ఏడు రోజులు. చాలా టీములు ఇక్కడే ఆగి, "మామూలుగా చేసేదాంట్లో 70 శాతం ఒప్పుకుందాం" అంటాయి. పొరపాటు అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే పండగ ఒక్కటే రాదు, దాని అటూ ఇటూ లీవులు కూడా వస్తాయి.

షీట్‌లో పని రోజులు లెక్కపెట్టడానికి ఇది చాలు. `B1`లో స్ప్రింట్ మొదటి తేదీ, `B2`లో చివరి తేదీ ఉంటాయి. సెలవుల తేదీలను ఒక చోట రాసి ఆ గడులకు `Holidays` అని పేరు పెట్టుకోవాలి:

```
=NETWORKDAYS(B1, B2, Holidays)
```

లీవులు ఎప్పుడు అడగాలి? అడిగితే నిజం చెబుతారా?

ప్లానింగ్‌కి వారం ముందు అడగాలి. "ఎవరికైనా లీవు ఉందా?" అని అందరి ముందూ అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఒక్కొక్కరిని విడిగా, "బస్సు ఎప్పటికి బుక్ చేసుకున్నావ్?" అని అడగండి, తేదీ టక్కున బయటికొస్తుంది. మా రెండో టెస్టర్ అలాగే దొరికింది. "అన్నా, మంగళవారం మధ్యాహ్నం బస్సు. లంచ్ అయ్యాక వెళ్లిపోతాను" అంది. అది లీవు కింద ఎక్కడా నమోదు కాదు. కానీ అర రోజు పోయినట్టే.

తిరుగు ప్రయాణం కూడా అడగాలి. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మనవాళ్లు ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు. 17, 18 తేదీల్లో ఊళ్ల నుంచి వచ్చే బస్సులు, రైళ్లు అన్నీ నిండిపోతాయి. కాబట్టి 19 సోమవారం ఒకరో ఇద్దరో రారని ముందే అనుకోవచ్చు. మా బ్యాకెండ్‌లో ఒకతను కోనసీమ వెళ్తూ 12, 13, 19 మూడు రోజులూ పెట్టాడు. ఫ్రంటెండ్‌లో ఒకరు 19 ఒక్కరోజు పెట్టారు.

సెలవు రోజున డ్యూటీ చేసినవాళ్ల సంగతి?

ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. మనకు సంక్రాంతి, క్లయింటుకి మామూలు గురువారం. సిస్టమ్ పడిపోతే ఫోన్ మనకే వస్తుంది. గుంటూరులో ఇల్లున్న మా ఫ్రంటెండ్ అమ్మాయి 15న ఇంటి నుంచే ఫోన్ చూసుకుంటానని ముందుకొచ్చింది. దానికి బదులుగా 23న కాంప్ ఆఫ్ తీసుకుంది. అంటే స్ప్రింట్ చివరి రోజు, రివ్యూ ఉన్న రోజు, ఆమె ఉండదు. 15న ఆమె చేసిన డ్యూటీ వల్ల స్ప్రింట్ పనేమీ ముందుకు జరగదు. 23న మాత్రం ఒక రోజు తగ్గుతుంది. అందుకే కాంప్ ఆఫ్‌ని "ఇచ్చిపుచ్చుకోవడం, సరిపోయింది" అని వదిలేయకుండా మామూలు లీవులాగే కొట్టేయాలి.

ఇవన్నీ తీసేశాక మాకు మిగిలినవి 36.5 మనిషి రోజులు. బ్యాకెండ్‌కి 11, ఫ్రంటెండ్‌కి 12, టెస్టర్లకి 13.5. రోజుకి 8 గంటల చొప్పున 292 గంటలు.

సపోర్ట్ డ్యూటీకి ఎంత తీయాలి? టికెట్లు ఎన్ని వస్తాయో ముందు ఎలా తెలుస్తుంది?

ముందు తెలియదు. వెనక్కి చూసుకోవాలి. మా దగ్గర సపోర్ట్ డ్యూటీ రోజుకి ఒకరు, నలుగురు డెవలపర్లూ వంతులవారీగా చేస్తారు. మొదట్లో "చిన్న టికెట్లే కదా, రోజుకి గంట చాలు" అని రాసేవాళ్లం. తర్వాత మూడు స్ప్రింట్లపాటు డ్యూటీలో ఉన్నవాళ్లు సాయంత్రం పోయేముందు ఒక అంకె రాసి పెట్టారు: ఈ రోజు సపోర్ట్‌కి ఎన్ని గంటలు పోయాయి. సగటున దాదాపు నాలుగు గంటలు తేలింది. అందరికీ ఆశ్చర్యమేసింది. టికెట్ పరిష్కరించడానికి 40 నిమిషాలే పట్టవచ్చు, దాని కోసం చేతిలో ఉన్న పని వదిలి, లాగ్‌లు తెరిచి, అవతలివాళ్లకి జవాబు రాసి, మళ్లీ పాత పనిలో తల దూర్చేసరికి పూట గడిచిపోతుంది.

కాబట్టి ఏడు పని రోజులకి, రోజుకి 4 గంటల చొప్పున 28 గంటలు తీశాం. మీ టీమ్‌కి ఈ అంకె రెండు కావచ్చు, ఆరు కావచ్చు. మా నాలుగుని తీసుకుపోయి మీ షీట్‌లో పెట్టుకోకండి. ఆరు దాటిందంటే మాత్రం ఆ రోజు ఆ మనిషిని స్ప్రింట్ లెక్కలోంచి పూర్తిగా తీసేయడమే నయం. మిగిలిన రెండు గంటల్లో ఏ పనీ ఒక కొలిక్కి రాదు.

డ్యూటీ ఎవరిదన్న సంగతి ప్లానింగ్‌లోనే తేదీల వారీగా తేల్చాలి. మా స్ప్రింట్‌లో 12, 13 బ్యాకెండ్‌లో విజయవాడలోనే ఉన్నతనికి, 19, 20 ఫ్రంటెండ్ అమ్మాయికి, 21, 22 కోనసీమ నుంచి వచ్చినతనికి, 23 మిగిలిన ఫ్రంటెండ్‌కి పడ్డాయి. అంటే సపోర్ట్‌లో నాలుగు రోజుల భారం బ్యాకెండ్ మీదే. ఇది ఎందుకు ముఖ్యమో కింద తెలుస్తుంది.

మీటింగులు కూడా లెక్కపెట్టాలా? పావుగంట స్టాండప్‌కి ఏమవుతుంది?

పావుగంట స్టాండప్, ఉన్న మనిషి రోజులన్నిటికీ కలిపితే 9 గంటలు. 12న రెండు గంటల ప్లానింగ్‌కి ఐదుగురే ఉన్నారు కాబట్టి 10. రాబోయే పనిని విడగొట్టి చూసుకునే గంటన్నర రిఫైన్‌మెంట్‌కి ఆరుగురు, 9. చివరి రోజు రివ్యూ ఒక గంట, స్ప్రింట్ ఎలా నడిచిందో మాట్లాడుకునే రెట్రో ఒక గంట, ఐదుగురికి 10. క్లయింటుతో మంగళ, గురువారాల్లో అరగంట కాల్‌కి ముగ్గురు కూర్చుంటారు, పండగ పోగా మూడు కాల్స్, 4.5. మొత్తం దాదాపు 43 గంటలు.

ఇవన్నీ పోగా మిగిలినదంతా పనికే అనుకోవచ్చా?

292లోంచి 43, 28 తీస్తే 221. ఇందులోంచి కూడా ఒక భాగం పోతుంది. మెయిళ్లు, పక్కవాళ్ల కోడ్ రివ్యూ, "ఒక్క నిమిషం ఇటు రా" అని పిలిచే పిలుపులు, ల్యాప్‌టాప్ అప్‌డేట్లు, టీ. మేము దీనికి 20 శాతం తీస్తాం. పుస్తకంలో చూసి పెట్టుకున్నది కాదు. గడిచిన స్ప్రింట్లలో టాస్క్‌ల మీద నమోదైన గంటలతో పోల్చి చూస్తే మాకు తేలిన సంఖ్య. షీట్‌లో ఒక్కో మనిషి వరసకి ఫార్ములా ఇలా ఉంటుంది. `D` ఉన్న రోజులు, `E` మీటింగు గంటలు, `F` సపోర్ట్ గంటలు:

```
=(D2*8 - E2 - F2) * 0.8
```

221కి 0.8 వేస్తే 177 గంటలు. మొదట్లో మనం 60 రోజులు, అంటే 480 గంటలు అనుకున్నాం. 177 అందులో 37 శాతం. పండగ ఒక్కటే చూసినవాళ్లు 70 అన్నారు.

177 గంటలు ఉన్నాయి కదా, 177 గంటల టాస్క్‌లు పెట్టేసుకోవచ్చా?

ఆ 177 ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడాలి. మాకు ఇలా తేలింది:

| విభాగం | ఉన్న గంటలు | మీటింగులు | సపోర్ట్ | మిగిలింది | 20 శాతం పోగా |
|---|---|---|---|---|---|
| బ్యాకెండ్ | 88 | 13 | 16 | 59 | 47 |
| ఫ్రంటెండ్ | 96 | 14 | 12 | 70 | 56 |
| టెస్టింగ్ | 108 | 16 | 0 | 92 | 74 |

ఏ పని ముందో తేల్చే ప్రోడక్ట్ ఓనర్ ఆ స్ప్రింట్‌కి కోరుకున్న జాబితాలో పేమెంట్ రీఫండ్ స్టోరీలు, అంటే దానికి సంబంధించిన పని ముక్కలు, ముందున్నాయి. వాటిలో బ్యాకెండ్ టాస్క్‌లే 80 గంటల వరకు ఉన్నాయి. మొత్తం గంటలు చూస్తే జాబితా 177 లోపే ఉంది, పచ్చగా కనబడుతుంది. బ్యాకెండ్ వరస ఒక్కటి చూస్తే 47కి 80. ఫ్రంటెండ్ ఖాళీగా ఉన్నంత మాత్రాన రీఫండ్ లాజిక్ ఎవరు రాస్తారు? అందుకని రీఫండ్‌లో ఒక స్టోరీని మొత్తం తర్వాతి స్ప్రింట్‌కి పంపి, దాని బదులు ఫ్రంటెండ్ పని ఎక్కువగా ఉన్న రిపోర్టు పేజీ తీసుకున్నాం.

టెస్టర్ల 74 గంటలు చూసి కూడా మోసపోకూడదు. మొదటి రెండు రోజులూ వాళ్లకి పరీక్షించడానికి కొత్త బిల్డ్ ఉండదు. ఆ రెండు రోజుల్లో టెస్ట్ కేసులు రాయడం, పాత బగ్‌లు మళ్లీ చూడటం లాంటి పని ముందే సిద్ధంగా పెట్టాలి. లేకపోతే ఆ గంటలు కాగితం మీదే ఉంటాయి, చివరి రెండు రోజులు మాత్రం వాళ్లకి ఊపిరాడదు.

మేము గంటల్లో కాదు, పాయింట్లలో లెక్కేస్తాం. మాకు ఇదంతా అవసరమా?

అవసరమే, కానీ లెక్క వేరు. పాయింటు అంటే గంట కాదు, ఒక స్టోరీ ఎంత పెద్దదో చెప్పే అంచనా అంకె. ఇక్కడ జరిగే తప్పు మాత్రం చాలా పెద్దది.

మా గత మూడు స్ప్రింట్లలో 34, 31, 36 పాయింట్లు పూర్తయ్యాయి. ఆ స్ప్రింట్లలో ఉన్న మనిషి రోజులు 54, 50, 57. మొత్తం 101 పాయింట్లు, 161 రోజులు. అంటే ఒక మనిషి రోజుకి దాదాపు 0.63 పాయింట్లు. సంక్రాంతి స్ప్రింట్‌లో 36.5 రోజులు కాబట్టి 23 పాయింట్లకి దగ్గర.

ఇక్కడ ఆగాలి. ఆ 101 పాయింట్లు వచ్చింది సపోర్ట్ చేస్తూ, మీటింగుల్లో కూర్చుంటూ, టీలు తాగుతూనే. ఆ ఖర్చులన్నీ 0.63లోనే కలిసి ఉన్నాయి. పైన గంటల లెక్క చదివి ఉత్సాహంలో 23లోంచి మళ్లీ సపోర్ట్, మీటింగులు, 20 శాతం తీసేశారనుకోండి, 14 పాయింట్లు తేలుతుంది. ఒకే ఖర్చుని రెండుసార్లు కొట్టేసినట్టు. పక్క టీమ్ ఒక స్ప్రింట్‌లో సరిగ్గా ఇదే చేసి, మూడు రోజుల ముందే పని అయిపోయి, "మేం బాగా వేగం పెంచాం" అనుకున్నారు! పాయింట్లతో లెక్కేస్తే ఉన్న రోజులు మాత్రమే సరిచూసుకోండి. గంటలతో లెక్కేస్తే అన్నీ విడివిడిగా తీయండి. రెండూ కలపకండి.

ఒక చిన్న సవరణ మాత్రం ఉంటుంది. లీవులు ఎక్కువైతే పని రోజులు తగ్గుతాయి గానీ ప్లానింగ్, రివ్యూ, రెట్రో అంతే పొడుగుంటాయి. మామూలు స్ప్రింట్‌లో మాకు మీటింగులు సమయంలో 12 శాతం తింటాయి, సంక్రాంతి స్ప్రింట్‌లో అది 14, 15 అయింది. సపోర్ట్ వాటా పెద్దగా మారలేదు. దానివల్ల ఒక పాయింటు తగ్గించి 22 ఒప్పుకున్నాం. ఇంతకంటే సన్నగా లెక్కించడం దండగ. పాయింట్లే అంచనాలు.

క్లయింటు సెలవులు కూడా చూడాలా?

చూడాలి, వేరే కారణంతో. జనవరిలో మూడో సోమవారం అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. 2026లో అది 19న పడింది. పండగ తర్వాత మనం తిరిగొచ్చిన మొదటి రోజే వాళ్లు లేరు. మన గంటలేమీ తగ్గవు, కానీ వాళ్ల జవాబు కావాల్సిన స్టోరీ ఆ రోజు కదలదు. అలాంటి వాటి సందేహాలు 13లోపే అడిగేయాలి, లేదా 19న ఎవరినీ అడగక్కర్లేని పని పెట్టుకోవాలి. నవంబరులో నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ అప్పుడూ ఇంతే. ఆ మర్నాడు శుక్రవారం కూడా చాలామంది అక్కడ కనబడరు.

నెల చూసి వచ్చే పండగలు, దసరా రద్దీ లాంటివి ఎలా?

రంజాన్ నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ అవుతుంది. రెండు తేదీలనీ గుర్తుపెట్టుకుని, ఆ రెండు రోజుల్లో రిలీజ్ పెట్టకపోతే చాలు. దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు. ఆ రోజు అది లీవు కాదు గానీ, వన్ టౌన్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంటి నుంచే చేస్తారు. దానికి గంటలు తీయం, ఆ పూట అందరూ గదిలో ఉండాల్సిన మీటింగు మాత్రం పెట్టం.

స్ప్రింట్ మధ్యలో అనుకోనిది జరిగితే?

అనుకోనిదాన్ని ముందే గంటల్లో పెట్టలేం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఉన్న మా ఇద్దరు కొలీగ్స్‌కి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ చార్జింగే కష్టం. అప్పుడు చేసింది ఒకటే. ఆ రోజే ప్రోడక్ట్ ఓనర్‌తో కూర్చుని, మొదలుపెట్టని స్టోరీలు తీసేశాం. "చూద్దాం, కవర్ చేస్తాం" అని మిగిలిన నలుగురి మీదా వేయలేదు. లీవులు, సపోర్ట్ లెక్క సరిగ్గా ఉండటం వల్ల అప్పుడు లాభించిందేమిటంటే, ఇద్దరు పోతే ఎంత పోతుందో ఐదు నిమిషాల్లో చెప్పగలిగాం.

మేనేజర్ "ఒప్పుకున్నాక చేయాల్సిందే" అంటే?

స్ప్రింట్ పద్ధతికి ఆధారమైన స్క్రమ్ గైడ్ 2011లోనే స్ప్రింట్‌లో తీసుకునే పనిని "కమిట్‌మెంట్" అనడం మానేసి "ఫోర్‌కాస్ట్" అంది. 2020 గైడ్‌లో కమిట్‌మెంట్ అన్న మాట ఉంది, కానీ స్ప్రింట్ పని విషయంలో అది స్ప్రింట్ గోల్‌కి సంబంధించింది. ఏ స్టోరీలు, ఎన్ని అన్నదానికి కాదు. గైడ్ చూపించి మేనేజర్‌తో వాదించమని నేను చెప్పను, దానివల్ల మొహాలు మాడ్చుకోవడమే తప్ప మరేం జరగదు. షీట్ చూపించండి. "సార్, బ్యాకెండ్‌లో 47 గంటలే ఉన్నాయి, ఈ రెండింట్లో ఏది కావాలి?" అని అడగండి. ఆ ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పాల్సిందే.

ఒక్క జాగ్రత్త. ఈ షీట్‌ని మనిషి మనిషికీ ఎంత వాడుకున్నారని చూసే లెడ్జర్‌గా మార్చనివ్వకండి. మార్చిన మరుసటి స్ప్రింట్ నుంచి అందరూ సపోర్ట్ గంటలు పెంచి రాస్తారు. ఆ తర్వాత ఆ అంకెలతో ఏ లెక్కా చేయలేరు.

దీనికి టూల్ ఏదైనా ఉందా?

అజూర్ డెవాప్స్‌లో స్ప్రింట్ లోపల `Capacity` అనే ట్యాబ్ ఉంటుంది. మనిషికి రోజుకి ఎన్ని గంటలు, ఏ తేదీల్లో లేరు, టీమ్ మొత్తానికి సెలవులేవి అన్నీ అందులో పెట్టుకోవచ్చు. సపోర్ట్, మీటింగులు మాత్రం మీరే రోజు గంటల్లోంచి తగ్గించి వేయాలి. మేము ఇప్పటికీ షీట్‌లోనే చేస్తాం.

కొత్తగా చేరినవాళ్లని ఎలా లెక్కపెట్టాలి?

మొదటి స్ప్రింట్‌లో సున్నా. అలాగే వాళ్లకి నేర్పించే సీనియర్ గంటల్లోంచి కూడా రోజుకి ఒకటి రెండు తీయండి.

మరి ఆ సంక్రాంతి స్ప్రింట్ ఏమైంది?

22లో 20 పాయింట్లు అయ్యాయి. మిగిలిన రెండు పాయింట్ల స్టోరీ క్లయింటు జవాబు కోసం ఆగిపోయింది. 13న అడగాల్సిన ప్రశ్నని మేం 20న అడిగాం. విజయవాడలోనే ఉన్న బ్యాకెండ్ మనిషి 12, 13 రెండు రోజులూ సపోర్ట్‌లో ఉండటంతో ఆ స్టోరీ తెరిచి చూడనేలేదు. సపోర్ట్‌కి 28 అనుకున్నది 31 గంటలు పట్టింది. ఆ మూడూ 20 శాతంలోనే సర్దుకున్నాయి. ఇప్పుడు పండగ ముందు రెండు రోజుల డ్యూటీ బ్యాకెండ్‌కి వేయడం మానేశాం.